రాజీనామా రాయొద్దు: ప్లాంటు మూస్తున్నది వాళ్ళు, మనం కాదు

(మొయినాబాద్ మండలం చిన్న మంగళారంలో ప్లాంటు కార్మికులు, రైతులు కలిసి జరుపుకున్న సమావేశంలో మన సంఘం ప్రతినిధి చేసిన ప్రసంగ పాఠం)

రైతు సంఘం వాళ్ళకు ఫ్యాక్టరీ ముచ్చట ఎందుకని కొందరికి అనుమానం ఉన్నట్టుంది. ఇక్కడ కూర్చున్నవాళ్ళను ఒకసారి చూడండి. ప్లాంటులో టమాటా కడిగి, క్యారెట్ కోసి, ప్యాకెట్లు కట్టే అక్కలు ముందు వరసలో ఉన్నారు. అదే ప్లాంటుకు టమాటా, క్యారెట్ తోలిన అన్నలు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. కొన్ని ఇళ్ళల్ల మొగుడు సరుకు తోలితే పెళ్ళాం దాన్నే కోసింది. భూమి అమ్ముకున్న ఇంట్లో అయితే కొలువు తప్ప వేరే ఆధారం లేదు. మన చుట్టుపక్కల ఊళ్ళు గండిపేట, హిమాయత్ సాగర్ పరీవాహకంలో ఉన్నయి కాబట్టి 1996లో 111 జీవో వచ్చింది, పెద్ద ఫ్యాక్టరీలు రాలేదు. వచ్చినయి ఇట్లాంటి చిన్న ప్లాంట్లే. చిన్న ప్లాంటుకు చట్టం ఎంతవరకు వర్తిస్తది, ఎక్కడ ఆగిపోతది అన్నది ఇయ్యాల మాట్లాడుకోవాలె.

నేను పదో తరగతి చదివినవాణ్ణి, వకీలును కాదు. లేబర్ ఆఫీసుల చుట్టూ తిరిగి, తెలిసిన వకీళ్ళను అడిగి నేర్చుకున్నదే చెప్తున్న. పేపర్, పెన్ను ఉన్నవాళ్ళు రాసుకోండి.

ముందుగా గేటు మీద అంటించిన కాగితం సంగతి. ఫిబ్రవరి 20న అంటించిండ్రు. నష్టాల వల్ల మార్చి 31 నుంచి ప్లాంటు మూసేస్తున్నమని రాసిండ్రు. ఆ మర్నాటి నుంచి సూపర్‌వైజరు ఒక్కొక్కరిని లోపలికి పిలుస్తున్నడు. ఇంకో కాగితం ముందు పెట్టి, సంతకం చేస్తే 60,000 చెక్కు ఇస్తమంటున్నరట. ఆ కాగితం ఇద్దరు నాకు చూపించిండ్రు. "నా సొంత కారణాల వల్ల ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను, నాకు రావలసిన బాకీ మొత్తం ముట్టింది, ఇక ఏ హక్కూ కోరను" అని ఉంది అందులో.

ఇయ్యాల నేను చెప్పవలసిన అసలు మాట ఇదే. ప్లాంటు మూసేది యజమాని. కానీ ఈ కాగితం మీద మీరు సంతకం పెడితే, రికార్డు ప్రకారం ప్లాంటు మూతవల్ల మీ కొలువు పోయినట్టు కాదు, మీ అంతట మీరే మానుకున్నట్టు. మూసినప్పుడు రావలసిన నష్టపరిహారం తనంతట మానుకున్నవాళ్ళకు రాదు. యజమానికి ఆ ఒక్క కాగితం విలువ ఎంతో లెక్క కట్టి చూద్దాం.

కిష్టయ్య అన్న నన్ను అడిగిండు, "అసలు మూయకుండా ఆపలేమా?" అని. ఉన్నమాట చెప్తా, దీంట్లో ఆశ పెట్టి పంపను. పాత చట్టం, అంటే 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం 100 మంది లేదా అంతకన్నా ఎక్కువ కార్మికులున్న ఫ్యాక్టరీ మూయాలంటే 90 రోజుల ముందు సర్కారుకు దరఖాస్తు పెట్టి, అనుమతి తెచ్చుకోవాలె. పోయిన నవంబరు 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది. అందులో ఆ 100ని 300 చేసిండ్రు. ఈ ప్లాంటులో అందర్నీ కలిపినా 69 మందే. పాత చట్టం ఉన్నా, కొత్త చట్టం ఉన్నా, అనుమతి అడగవలసిన పరిమితి కిందికే మనం వస్తం. మరి 150, 200 మంది పనిచేసే ప్లాంట్ల కార్మికులకు ఇది పెద్ద నష్టం, వాళ్ళకు నిరుడు ఉన్న రక్షణ ఇయ్యాల లేదు. దానిమీద కొట్లాట వేరే ఉంది, ఇంకో రోజు మాట్లాడుకుందాం.

అనుమతి అక్కరలేకపోయినా నోటీసు అక్కర. 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ కార్మికులున్న సంస్థ మూయాలంటే 60 రోజుల ముందు సర్కారుకు, ఎందుకు మూస్తున్నమో కారణం రాసి నోటీసు ఇవ్వాలె. ఫిబ్రవరి 20 నుంచి మార్చి 31కి లెక్కబెట్టండి. 39 రోజులు. 60 కాదు. అడిగితే మేనేజరు ఏమంటున్నడు? "మా రోల్ మీద 38 మందే, మిగతా 31 మంది కాంట్రాక్టరు మనుషులు, మాకు ఆ నోటీసే అక్కరలేదు" అంటున్నడు.

దీన్ని జర నిదానంగా చూడాలె, ఎందుకంటే ఇక్కడే మొత్తం ఆట ఉంది. చట్టం అడిగేది ఇయ్యాల గేటు దగ్గర ఎంతమంది నిలబడ్డరని ఒక్కటే కాదు. గడిచిన 12 నెలల్లో పనిజరిగిన రోజుకు సగటున ఎంతమంది పనిచేసిండ్రన్నది కూడా చూస్తది. ఆ 31 మంది అదే బల్ల మీద కూరగాయలు కోసిండ్రు, అదే సూపర్‌వైజరు చెప్పిన పని చేసిండ్రు, కత్తి కంపెనీది, ఆప్రాన్ కంపెనీది, సెలవు ఇచ్చేది కంపెనీ సూపర్‌వైజరే. కాంట్రాక్టరు నెలకోసారి వచ్చి పైసలు పంచిపోయిండు. అట్లాంటప్పుడు కాంట్రాక్టు అన్నది పేరుకు మాత్రమేనని, వాళ్ళు కంపెనీ కార్మికులేనని వాదించే దారి ఉంది. కోర్టులు ఈ విషయంలో పని మీద అజమాయిషీ ఎవరిదన్నది గట్టిగా చూస్తయి. గెలుస్తమని ఇప్పుడే చెప్పలేను, కానీ వాదన నిలబడాలంటే సాక్ష్యం కావాలె. వ్యాను ఎక్కేటప్పుడు రాసుకునే లిస్టు, గేటు రిజిస్టర్ ఫోటో, సూపర్‌వైజరు వాట్సాప్‌ల పెట్టిన షిఫ్టు మెసేజ్‌లు, పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు. ఆ మెసేజ్‌లు ఎవరూ తుడిచేయొద్దు. ఫోన్ మార్చేవాళ్ళు ముందుగా ఇంకో ఫోనుకు పంపి పెట్టుకోండి.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్తా. 60 రోజుల నోటీసు ఇవ్వలేదని రుజువైనా, దానంతట అదే మూత రద్దు కాదు. యజమానికి శిక్ష పడుతది, మన చేతికి బేరం చేసే బలం వస్తది. అంతే. మన అసలు ఆస్తి నష్టపరిహారం.

దాని లెక్క ఇప్పుడు చూద్దాం. ఒక అక్క ఉదాహరణ తీసుకుంటా, ఆమె ఒప్పుకున్నాకే చెప్తున్న, పేరు చెప్పను. 2014 ఆగస్టు 1న చేరింది. మార్చి 31 నాటికి 11 ఏండ్ల 8 నెలలు అయితది. బేసిక్, డీఏ కలిపి నెలకు 15,600 రూపాయలు. ఈ ఇద్దరు నెలల జీతం, జనవరిది, ఫిబ్రవరిది, ఇంకా ఇవ్వలేదు.

మొదటిది బాకీ జీతం. రెండు నెలలకు 31,200. మార్చి జీతం కూడా ఇవ్వకపోతే అది దీనికి కలుస్తది. మూసినందువల్ల కొలువు పోయిన మనిషికి రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని కొత్త వేతనాల కోడ్‌లో ఉంది. "తర్వాత సెటిల్‌మెంటులో చూద్దాం" అనే మాటకు చోటు లేదు.

రెండోది నోటీసు జీతం. ఏడాదికి తక్కువ కాకుండా వరుసగా పనిచేసిన కార్మికునికి నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలె, లేదా నెల జీతం చేతిలో పెట్టాలె. గోడ మీద అంటించింది ఒక్కొక్కరికి ఇచ్చిన నోటీసు కాదని మనం అడుగుతం. అది 15,600.

మూడోది మూతకు నష్టపరిహారం. ఒక్కో ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు జీతం. సగటు అంటే చివరి మూడు పూర్తి నెలల జీతం సగటు. నెల జీతగాళ్ళకు 15 రోజులంటే సగం జీతం, 7,800. చివర్న మిగిలిన నెలలు ఆరింటికి మించితే అదీ పూర్తి ఏడాది కిందనే లెక్క. అక్కకు 11 ఏండ్ల మీద 8 నెలలు ఉన్నయి కాబట్టి 12 ఏండ్లు. 7,800ని 12తో గుణిస్తే 93,600.

నాలుగోది గ్రాట్యుటీ. ఇది నష్టపరిహారానికి బదులు కాదు, దాని పైన వేరేగా వచ్చేది. అయిదేండ్లు నిండిన వాళ్ళకు వస్తది. ఇక్కడ రోజు జీతం తీసేటప్పుడు 30తో కాదు, 26తో భాగిస్తరు. 15,600ని 26తో భాగిస్తే రోజుకు 600. 15 రోజులకు 9,000. 12 ఏండ్లకు 1,08,000.

ఈ నాలుగూ కలిపితే 2,48,400 రూపాయలు. మిగిలిపోయిన సెలవుల పైసలు, రావలసిన బోనస్ దీని మీద ఉంటయి. పీఎఫ్ అయితే ఆమె ఖాతాలో ఉన్న ఆమె సొంత సొమ్ము, దాన్ని యజమాని ఇస్తున్నట్టు సెటిల్‌మెంటు కాగితంలో కలిపి చూపించే హక్కు ఎవరికీ లేదు. ఇప్పుడు 60,000 చెక్కు గుర్తు తెచ్చుకోండి. ఆ ఒక్క సంతకానికి అక్క దగ్గర పోయేది దాదాపు 1,90,000.

"నష్టాలొచ్చినయి కదా, ఎక్కడినుంచి తెచ్చిస్తరు" అని మనవాళ్ళే జాలిపడుతున్నరు. చట్టం ఈ మాటను ముందే ఊహించింది. యజమాని చేతిలో లేని, తప్పించుకోలేని పరిస్థితుల్లో మూస్తే మాత్రం నష్టపరిహారం మూడు నెలల సగటు జీతానికి మించదని ఒక మినహాయింపు ఉంది. కానీ దాని కిందనే వివరణ ఉంది. ఆర్థిక ఇబ్బందులు, నష్టాలు, అమ్ముడుపోని సరుకు పేరుకుపోవడం, లీజు గడువు తీరడం, ఇవేవీ తప్పించుకోలేని పరిస్థితులు కావు అని స్పష్టంగా రాసి ఉంది. మరి గేటు మీది కాగితంలో కారణం ఏం రాసిండ్రు? నష్టాలని. వాళ్ళ కాగితమే మనకు సాక్ష్యం. దాన్ని ఇప్పటికే ఫోటో తీసిపెట్టినం, తేదీ కనబడేటట్టు ఆనాటి పేపర్ పక్కన పట్టుకుని తీయించిన.

సగం మంది మొహాలు చూస్తుంటే ఒక అనుమానం కనబడుతుంది, "నాది మధ్యలో బ్రేక్ ఉంది కదా" అని. వరుసగా పని అంటే ఒక్కరోజూ మానకుండా పని అని అర్థం కాదు. 12 నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఆ ఏడాది లెక్కకు వస్తది. జీతంతో కూడిన వారపు సెలవులు, పండుగ సెలవులు ఆ 240లో కలుస్తయని సుప్రీంకోర్టు 1985లోనే అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్యాంకు కేసులో చెప్పింది. కాన్పు సెలవు కూడా కలుస్తది. ఇక్కడ ఇద్దరు అక్కలకు కాన్పు ఏడాదిని "గ్యాప్" అని రాసిండ్రట. అది చెల్లదు, రాతపూర్వకంగా అభ్యంతరం పెడదాం.

జీతం చీటీ గురించి ఒక మాట. కొందరికి చీటీల బేసిక్ 5,000 ఉంది, మిగతా పదివేలు ఇంటి అద్దె, కన్వేయన్స్, స్పెషల్ అలవెన్స్ అని ముక్కలు చేసి రాసిండ్రు. ఇది ఎందుకు చేస్తరంటే గ్రాట్యుటీ, పీఎఫ్ తక్కువ పడడానికి. కొత్త కోడ్‌లో వేతనం అనే మాటకు అర్థం మార్చిండ్రు. పక్కకు తీసే అలవెన్సులు మొత్తంలో సగానికి మించితే, మించిన భాగాన్ని వేతనంలో కలిపి లెక్కించాలె. కాబట్టి 15,000 మొత్తం వచ్చే మనిషికి వేతనం 7,500కు తగ్గరాదు. కోడ్‌ల మీద మనకు కోపం ఉన్నా ఈ ఒక్క వాక్యం మనకు పనికొస్తది, వాడుకోవాలె.

కాంట్రాక్టరు కింద ఉన్న 31 మందికి వేరుగా చెప్తున్న. మీ కేసు రెండు దారుల్ల నడవాలె. ఒకటి, మేం కంపెనీ కార్మికులమే అనే వాదన, అది పొడుగు దారి. రెండోది, ఆ వాదన తేలేలోపు కూడా నిలబడేది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ఆ జీతం కట్టవలసింది పని చేయించుకున్న కంపెనీ. కట్టి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకుంటదా లేదా అన్నది వాళ్ళ తలనొప్పి. కాంట్రాక్టరు ఫోన్ ఎత్తకపోతే నేరుగా కంపెనీ పేరు మీద దరఖాస్తు ఇయ్యండి, కాంట్రాక్టరు పేరు రెండోదిగా పెట్టండి.

ఇగ, మూత అని చెప్పకుండా "లే-ఆఫ్" అని మొదలుపెడితే ఏమైతదో మన రాష్ట్రంలనే చూసినం. బోధన్ శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పెట్టింది. 2002లో సర్కారు 51 శాతం వాటా ప్రైవేటుకు ఇచ్చి, నిజాం డెక్కన్ షుగర్స్ అని పేరు మార్చింది. 2015 డిసెంబరులో బోధన్, మెదక్, మెట్‌పల్లి మూడు యూనిట్లల్లనూ లే-ఆఫ్ ప్రకటించిండ్రు. మూసినమని చెప్పలేదు, పని ఇవ్వలేకపోతున్నమన్నరు. లే-ఆఫ్ అంటే కొలువు ఉన్నట్టే, పని లేనట్టే. బేసిక్, డీఏలో సగం ఇవ్వాలని చట్టం చెప్తది. కార్మికుడు ఇంకో చోటికి పోలేడు, పోతే ఈడి హక్కు ఏమైతదో తెలియదు. రైతు చెరకు నరికి దూరపు ఫ్యాక్టరీలకు తోలవలసి వచ్చింది. ఆఖరుకు వ్యవహారం హైదరాబాదులోని కంపెనీ లా ట్రిబ్యునల్‌కు పోయి లిక్విడేషన్ దాకా నడిచింది. ఆ ఫ్యాక్టరీని మళ్ళీ తెరుస్తమని ప్రతి ఎన్నికలో విన్నం.

అందుకని మార్చి 31 నాడు మేనేజరు మాట మార్చి "మూయట్లేదు, మూడు నెలలు ఇంట్ల ఉండండి, పిలుస్తం" అన్నడనుకోండి, నోటిమాట ఒప్పుకోవద్దు. లే-ఆఫ్ అయితే లే-ఆఫ్ అని రాసి ఇవ్వమనాలె. రోజూ గేటు దగ్గరికి పోయి హాజరు పెట్టమని అడగాలె, పెట్టకపోతే మన నోటుబుక్కుల తేదీ, టైం రాసి ఇద్దరు సంతకాలు పెట్టుకోవాలె. పది మంది పోతే చాలు, వంతుల వారీగా పోదాం.

కంపెనీ దివాలా దాకా పోతే అప్పుడు వేరే కథ. వెనక గోడకు ఆనుకుని ఉన్న రైతులు కూడా వినాలె. దివాలా కోడ్ కింద ట్రిబ్యునల్ ఒక అధికారిని పెడుతది. ఆయన పేపర్ల ప్రకటన వేస్తడు, ఫలానా తేదీలోపు మీ బాకీ రాసి ఇవ్వండని. కార్మికులకు దానికి వేరే ఫారం ఉంది, అందరి తరఫున ఒకరు కలిపి ఇచ్చే ఫారం కూడా ఉంది. ఆ గడువుల ఇవ్వని బాకీ, కొత్త యజమానికి అప్పజెప్పే ప్రణాళిక ఒకసారి ఖాయమైందంటే ఇగ అడిగే వీలుండదని సుప్రీంకోర్టు 2021లో తేల్చేసింది. కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు 2014 సెప్టెంబరులో ఆగింది, ట్రిబ్యునల్ ద్వారా 2018లో జేకే పేపర్ చేతికి పోయి మళ్ళీ నడిచింది. మధ్యలో నాలుగేండ్లు. ఊరు వదిలి పోయిన కార్మికునికి పేపర్ ప్రకటన కనబడాలె కదా. అందుకే ఫోన్ నంబర్లు, ఊళ్ళ పేర్లు సంఘం రిజిస్టర్ల ఉండాలంటున్న.

లిక్విడేషన్ల పంపకానికి వరస ఉంది. ముందు ఆ ప్రక్రియ ఖర్చులు. తర్వాత తాకట్టు పెట్టించుకున్న బ్యాంకులు, కార్మికుల 24 నెలల బాకీలు, ఈ రెండూ ఒకే మెట్టు మీద. పీఎఫ్, గ్రాట్యుటీ నిధుల సొమ్మును పంపకంల కలపరు, అది కార్మికులకు పక్కన ఉంచవలసిందే. సరుకు తోలిన రైతు మాత్రం చాలా కిందికి పోతడు, బ్యాంకు, సర్కారు తీసుకున్నాక ఏమన్నా మిగిలితే. మన రైతుకు ఈ చట్టంల ఉన్న స్థానం అది. అందుకే రైతులు మార్చి 31 దాకా ఆగొద్దు. తూకం చీటీలు, డెలివరీ చలాన్లు, మేనేజరు "వచ్చే వారం వేస్తం" అని పెట్టిన మెసేజ్‌లు ఇప్పుడే తేదీల ప్రకారం పెట్టి, బాకీ ఎంతో రాసి, రిజిస్టర్ పోస్టుల లీగల్ నోటీసు పంపండి. లేబర్ ఆఫీసు మీ కేసు తీసుకోదు, మీది సివిల్ బాకీ. కార్మికుల దరఖాస్తుతో కలిపి రాస్తే రెండూ చెడుతయి.

లేబర్ ఆఫీసుకు పోతే ఏమైతదో కూడా చెప్పాలె. అక్కడ రాజీ అధికారి ఇద్దర్నీ పిలుస్తడు. మొదటి వాయిదాకు కంపెనీ వకీలు ఒక్కడే వస్తడు, టైం అడుగుతడు. దానికి నిరాశపడొద్దు, కానీ ఊరకే తిప్పుతుంటే వాయిదా నోటు కాపీ అడిగి తీసుకోండి. రాజీ కుదరకపోతే ఆయన ఫెయిల్యూర్ రిపోర్టు ఇస్తడు. అది చేతికి వచ్చిన తేదీ నుంచి 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు పోవాలె. అసలు వివాదం మొదలై రెండేండ్లు దాటితే రాజీ ప్రక్రియకే తీసుకోరు. పాత చట్టంల ఉన్నంత టైం ఇప్పుడు లేదు, "పంట అయినంక చూద్దాం" అంటే కుదరదు. ట్రిబ్యునల్ ఇచ్చిన సొమ్ము కట్టకపోతే కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టు చేయొచ్చు. శిస్తు బకాయికి జప్తులు ఎట్లుంటయో మన తాతలు చూసిండ్రు, యజమానులకు కూడా ఆ రుచి తెలిసే వీలు చట్టంల ఉంది.

పీఎఫ్ గురించి ఒక్కటే జాగ్రత్త. రేపే పోయి మొత్తం తీసుకుందామని అందరూ అంటున్నరు. ముందు పాస్‌బుక్ తీయించి, జీతంల కోసిన ప్రతి నెలా జమ అయ్యిందో లేదో చూడండి. కోసి జమ చేయకపోవడం నేరం, ఆ నెలలు రాసి పీఎఫ్ ఆఫీసుకు ఫిర్యాదు పెట్టాలె. పింఛను భాగం మాత్రం తొందరపడి తీయొద్దు. పదేండ్ల సర్వీసు నిండితే ముందు ముందు నెలనెలా పింఛను వస్తది. ఎనిమిది, తొమ్మిదేండ్లు అయినవాళ్ళు ఇప్పుడు తీసుకుంటే ఆ ఏండ్లు పోయినట్టే. స్కీం సర్టిఫికెట్ తీసుకుంటే రేపు ఇంకో కొలువుల చేరినప్పుడు పాత ఏండ్లు కలుస్తయి.

ఇప్పటికే సంతకం పెట్టిన వాళ్ళు ముగ్గురున్నరని విన్న. సిగ్గుపడి ఇంట్ల కూర్చోవద్దు. చదివి వినిపించకుండా, మూసేస్తమని భయపెట్టి తీసుకున్న సంతకమని రేపే కంపెనీకి, లేబర్ ఆఫీసుకు రాయాలె. ఎంత తొందరగా రాస్తే అంత బలం. చెక్కు బ్యాంకుల వేసి ఉంటే అది వచ్చిన బాకీల కొంత భాగంగా తీసుకున్నమని రాయాలె. పూర్తిగా గెలుస్తమని గ్యారంటీ లేదు, కానీ ఆర్నెల్లు ఆగి రాస్తే మాత్రం ఎవరూ నమ్మరు.

ఇంకొకటి, రాత్రిపూట లారీలు వస్తున్నయట, కోసే మిషన్లు, చల్ల గది కంప్రెషర్ ఎక్కించి తీసుకపోతున్నరట. గేటు అడ్డుకుని గొడవకు పోవద్దు, పోలీసు కేసులు మన మీదికి వస్తయి. లారీ నంబరు, టైం, ఏ మిషను అన్నది రాసి పెట్టండి. ఇక్కడ మూసి, అదే మిషన్లతో ఇంకో పేరు మీద ఇంకో చోట నడిపితే అది నిజమైన మూతేనా అని ట్రిబ్యునల్ ముందు అడగొచ్చు. అది వేరే యజమానికి అమ్మకమైతే దానికీ నష్టపరిహారం నిబంధన వేరే ఉంది. ఏదైనా ఆ లారీ నంబరే మొదటి సాక్ష్యం.

రేపు పొద్దున ఎనిమిది గంటలకు బడి ముందర కూర్చుందాం. చేరిన తేదీ కాగితం, లేకపోతే మొదటి జీతం పడిన బ్యాంకు ఎంట్రీ, చివరి మూడు నెలల చీటీలు, ఆధార్, పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు, ఈ అయిదింట్ల ఏవి ఉంటే అవి పట్టుకరండి. చదువుకున్న ఇద్దరు పిల్లలు ఒక్కొక్కరి లెక్క, ఇందాక అక్కకు కట్టినట్టే, కాగితం మీద కట్టి ఇస్తరు. మీరు పెట్టే సంతకం ఆ లెక్క కాగితం మీద పెట్టండి. పదకొండు గంటల బస్సుకు పదిమంది లేబర్ ఆఫీసుకు పోవాలె, అందులో నలుగురన్నా అక్కలు ఉండాలె, కాంట్రాక్టు వాళ్ళు ముగ్గురన్నా ఉండాలె. ఎవరెవరు వస్తరో ఇప్పుడే చెయ్యెత్తండి, పేర్లు రాసుకుంట.